జంతుకణం బొమ్మలో ఏ భాగం పని ఏమిటి? ఒక్క ఇన్సులిన్ అణువు వెంట వెళ్తే తేలిపోతుంది

*"జంతుకణం బొమ్మ గీసి పేర్లు పెట్టమంటే పెట్టేస్తాను. పనులు రాయమంటేనే టెన్షన్. రైబోసోములు ప్రోటీన్లు చేస్తాయంటారు, గరుకు అంతర్జీవద్రవ్యజాలం కూడా ప్రోటీన్ల కోసమే అంటారు, గాల్జి సంక్లిష్టం కూడా ప్రోటీన్లదే అంటారు. మరి తేడా ఏంటి? మైటోకాండ్రియా వీటిలో ఎక్కడ కలుస్తుంది? మిగతావాటి గురించి కూడా కొంచెం చెప్పండి."*

ముందు సూటిగా చెప్పేస్తాను. రైబోసోము అమైనో ఆమ్లాలను ఒకదాని పక్కన ఒకటి కలిపి గొలుసు చేస్తుంది. దాని పని అంతవరకే. గరుకు అంతర్జీవద్రవ్యజాలం ఆ గొలుసు లోపలికి దిగి, సరైన ఆకారంలోకి మడతపడే చోటు. గాల్జి సంక్లిష్టం అలా మడతపడి వచ్చిన ప్రోటీన్లకు చివరి మార్పులు చేసి, ఏది ఎక్కడికి పోవాలో వేరుచేసి, చిన్న సంచుల్లో పంపిస్తుంది. మైటోకాండ్రియా ఈ దారిలో ఉండదు. ఆహారం నుంచి వచ్చిన శక్తిని ఏటీపీ రూపంలోకి మార్చి, పై పనులన్నిటికీ అందిస్తుంది.

మీకు మూడూ కలిసిపోవడానికి కారణం ఉంది. పట్టికలో మూడింటి ఎదుటా "ప్రోటీన్ల" అనే మాటే కనిపిస్తుంది. ఆ మూడూ ఒకే పనిలో వరసగా వచ్చే మూడు దశలని పట్టిక చెప్పదు. నేను కణశాస్త్రం పాఠం చెప్పేటప్పుడు అందుకే పట్టిక పక్కన పెట్టి, ఏదో ఒక ప్రోటీనును పట్టుకుని అది పుట్టిన దగ్గర్నుంచి కణం బయటికి పోయేదాకా వెంట వెళ్తాను. దీనికి ఇన్సులిన్ కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. బొమ్మలోని భాగాల్లో చాలావరకు దీని దారిలోనే తగులుతాయి, మైటోకాండ్రియా పాత్ర కూడా ఇందులో చాలా స్పష్టంగా కనిపిస్తుంది.

మీ బొమ్మను ముందు పెట్టుకుని చదవండి. అది క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణం అనుకుందాం. అంతర్జీవద్రవ్యజాలం అని ప్రతిసారీ రాయకుండా ఇక నుంచి "జాలం" అంటాను.

కేంద్రకం దగ్గర మొదలు

ఇన్సులిన్ తయారీకి కావలసిన సమాచారం 11వ క్రోమోసోము మీద ఒక జన్యువులో ఉంటుంది. ఈ జన్యువు మన శరీరంలో కేంద్రకం ఉన్న దాదాపు ప్రతి కణంలోనూ ఉంది. దాన్ని గట్టిగా వాడుకునేది మాత్రం బీటా కణమే. డీఎన్ఏ కేంద్రకం దాటి బయటికి రాదు. దాని నకలుగా ఎంఆర్ఎన్ఏ తయారై, కేంద్రక త్వచంలోని రంధ్రాల గుండా కణద్రవ్యంలోకి వస్తుంది. బొమ్మలో కేంద్రక త్వచాన్ని తెగని గీతగా గీస్తే ఈ దారి మూసేసినట్టే. అక్కడక్కడా ఖాళీలు వదలండి.

కేంద్రకం లోపల ముదురుగా కనిపించే గుండ్రటి భాగం కేంద్రకాంశం. రైబోసోముల్లోని ఆర్ఎన్ఏ తయారయ్యేది ఇక్కడే. రైబోసోముకు కావలసిన ప్రోటీన్లు కణద్రవ్యంలో తయారై కేంద్రకంలోకి వస్తాయి, కేంద్రకాంశంలో ఆర్ఎన్ఏతో కలిసి ఒక పెద్ద ముక్క, ఒక చిన్న ముక్క అవుతాయి. ఆ రెండు ముక్కలూ విడివిడిగా బయటికి వస్తాయి. ఎంఆర్ఎన్ఏ దొరికాక దాని మీదే ఒకటవుతాయి.

రైబోసోము: అసలు తికమక ఇక్కడే

రైబోసోములు రెండు రకాలని, కణద్రవ్యంలో తేలేవి ఒక రకం, జాలానికి అంటుకున్నవి ఇంకో రకం అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. రెండూ ఒకటే రైబోసోములు. ఏది ఎక్కడ ఉండాలన్నది అప్పుడు అది తయారుచేస్తున్న ప్రోటీనును బట్టి తేలుతుంది.

ఇన్సులిన్ విషయంలో ఏం జరుగుతుందో చూడండి. రైబోసోము కణద్రవ్యంలో తేలుతూనే పని మొదలుపెడుతుంది. మొత్తం గొలుసు పొడవు 110 అమైనో ఆమ్లాలు. అందులో మొదటి 24 ఒక గుర్తులాగా పనిచేస్తాయి. ఆ గుర్తు రైబోసోము నుంచి బయటికి కనిపించగానే, కణద్రవ్యంలో తిరిగే ఒక కణిక దాన్ని పట్టుకుంటుంది. గొలుసు పెరగడం కాసేపు ఆగుతుంది. ఆ కణిక రైబోసోమును అలాగే తీసుకెళ్లి జాలం మీదున్న ఒక ద్వారం దగ్గర చేరుస్తుంది. అక్కడ పని మళ్లీ మొదలవుతుంది. ఇక గొలుసు పెరుగుతున్న కొద్దీ నేరుగా జాలం లోపలికే దిగుతూ పోతుంది. మన కణాల్లో రైబోసోము సెకనుకు సుమారు 5, 6 అమైనో ఆమ్లాలు కలుపుతుంది కాబట్టి, ఈ గొలుసు పూర్తవడానికి మధ్యలో ఆగిన సమయం కాకుండా ఇరవై సెకన్లు పడుతుంది. పని అయిపోగానే రైబోసోము రెండు ముక్కలుగా విడిపోయి కణద్రవ్యంలో కలుస్తుంది. ఆ ముక్కలే తర్వాత ఇంకేదో ప్రోటీను కోసం, బహుశా జాలం వైపు అసలు పోకుండానే, పనిచేయవచ్చు.

దీన్నిబట్టి ఒక విషయం గట్టిగా పట్టుకోండి. కణం బయటికి పోవలసినవి, ప్లాస్మా పొరలో ఉండవలసినవి, లైసోసోములో ఉండవలసినవి జాలం మీది రైబోసోముల దగ్గర తయారవుతాయి. కణద్రవ్యంలోనే ఉండేవి, కేంద్రకానికి పోయేవి, మైటోకాండ్రియాకు పోయేవి తేలే రైబోసోముల దగ్గర తయారవుతాయి. "రైబోసోముల పని ప్రోటీన్ల సంశ్లేషణ" అని ఒక్క ముక్క రాస్తే ఒక మార్కు వస్తుంది. ఈ తేడా కూడా రాస్తే మీకు విషయం అర్థమైందని దిద్దేవాళ్లకు తెలుస్తుంది.

జాలం లోపల ఏం జరుగుతుంది

లోపలికి దిగగానే ఆ 24 అమైనో ఆమ్లాల గుర్తు తెగిపోతుంది. దాని పని అయిపోయింది. మిగిలిన 86 అమైనో ఆమ్లాల గొలుసును ప్రోఇన్సులిన్ అంటారు. ఇది ఇప్పుడు మడతపడాలి. గొలుసులో ఉన్న ఆరు సిస్టీన్ అనే అమైనో ఆమ్లాలు రెండేసి చొప్పున జతకట్టి మూడు బంధాలు ఏర్పడతాయి. ఏది దేనితో జతకట్టాలో అదే దానితో కట్టాలి. కణద్రవ్యంలో ఈ రకం బంధాలు సరిగా నిలవవు, జాలం లోపలి రసాయన పరిస్థితి మాత్రం వాటికి అనుకూలం. గొలుసును లోపలికి దించడానికి ముఖ్య కారణాల్లో ఇదొకటి. జాలానికి "రవాణా మార్గం" అని మాత్రమే రాసి ఊరుకునేవాళ్లు ఈ మడత సంగతి వదిలేస్తున్నారు. నా దృష్టిలో రవాణా కంటే ఇదే పెద్ద పని.

మడత తప్పితే ఏమవుతుందో కూడా తెలుసు. ఇన్సులిన్ జన్యువులో ఒక మార్పు వల్ల ఆ ఆరు సిస్టీన్లలో ఒకటి వేరే అమైనో ఆమ్లంగా మారిపోయిన పిల్లలున్నారు. ఒక జత కుదరదు, గొలుసు ఆకారం చెడిపోతుంది. జాలంలో తప్పు మడతలను గుర్తుపట్టే ఏర్పాటు ఉంది. అలాంటి గొలుసులను అది ముందుకు పోనివ్వదు, వెనక్కి కణద్రవ్యంలోకి తోసి ముక్కలు చేయిస్తుంది. కానీ బీటా కణం తయారుచేసే ప్రోటీన్లలో ప్రోఇన్సులిన్ వాటా చాలా పెద్దది. చెడిపోయినవి తోసేసేదానికంటే వేగంగా పోగుపడతాయి. జాలం మీద భారం పెరిగి చివరికి బీటా కణాలే చనిపోతాయి. ఈ పిల్లల్లో చాలామందికి పుట్టిన ఆరు నెలల లోపే మధుమేహం వస్తుంది. రైబోసోము తనకు అందిన నకలు ప్రకారం గొలుసును పూర్తిగానే చేసింది, గాల్జి బాగానే ఉంది, మైటోకాండ్రియా బాగానే ఉంది. దెబ్బ తగిలింది మడత దశలో. భాగాల పనులు వేరువేరని చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం అక్కర్లేదు.

నునుపు జాలం గురించి ఇక్కడే రెండు మాటలు. దాని మీద రైబోసోములు ఉండవు, ప్రోటీన్ల తయారీతో దానికి నేరుగా సంబంధం లేదు. కొవ్వు పదార్థాలు, స్టెరాయిడ్ హార్మోన్ల తయారీ, కాలేయ కణాల్లో మందులనూ విషపదార్థాలనూ మార్చడం, కండర కణాల్లో కాల్షియం నిల్వ దాని పనులు. బీటా కణంలో ఇది కొద్దిగానే ఉంటుంది.

గాల్జి సంక్లిష్టం: వేరుచేసి పంపేది

సరిగా మడతపడ్డ ప్రోఇన్సులిన్ జాలం అంచుల్లో మొగ్గలా ఉబ్బి తెగిపోయే చిన్న సంచుల్లో గాల్జికి చేరుతుంది. గాల్జి అంటే ఒకదానిమీద ఒకటి పేర్చినట్టుండే చదునైన తిత్తుల దొంతర. దానికి లోపలికి తీసుకునే వైపు ఒకటి, బయటికి పంపే వైపు ఒకటి ఉంటాయి. మొదటిది జాలం వైపు తిరిగి ఉంటుంది, రెండోది సాధారణంగా ప్లాస్మా పొర వైపు. ప్రోటీన్లు ఒక వైపు నుంచి ప్రవేశించి, దొంతర దాటుతూ, రెండో వైపు నుంచి బయటపడతాయి.

దాటుతున్నప్పుడు చాలా ప్రోటీన్లకు అతికి ఉన్న చక్కెర గొలుసులను గాల్జిలోని ఎంజైములు కత్తిరించి, కొత్తవి చేర్చి సవరిస్తాయి. ఇన్సులిన్‌కు అలాంటి చక్కెరలేమీ ఉండవు. కాబట్టి దాని విషయంలో గాల్జి చేసేది ముఖ్యంగా వేరుచేయడం. చివరి తిత్తి దగ్గర లైసోసోముకు పోయేవి ఒక రకం సంచిలోకి, ప్లాస్మా పొరకు పోయేవి ఇంకో రకం సంచిలోకి, నిల్వ ఉంచి అవసరమైనప్పుడు వదలవలసినవి రేణువులు అనే నిల్వ సంచుల్లోకి చేరతాయి. ప్రోఇన్సులిన్ ఈ మూడో దారి పడుతుంది.

గాల్జి వేసే గుర్తు ఎంత ముఖ్యమో ఐ-సెల్ అనే అరుదైన వ్యాధిలో కనిపిస్తుంది. లైసోసోములో ఉండవలసిన ఎంజైములకు గాల్జి ఒక ప్రత్యేకమైన గుర్తు వేస్తుంది. మానోజ్ అనే చక్కెరకు ఫాస్ఫేటును చేర్చడమే ఆ గుర్తు. ఈ వ్యాధి ఉన్నవాళ్లలో ఆ ఫాస్ఫేటును చేర్చే ఎంజైము పనిచేయదు. అప్పుడు లైసోసోము ఎంజైములు చక్కగా తయారవుతాయి, మడతపడతాయి, గాల్జి దాకా వస్తాయి. గుర్తు లేకపోవడంతో దారి తప్పి కణం బయటికి పోతాయి. రక్తంలో కొలిస్తే ఆ ఎంజైములు మామూలుకంటే బాగా ఎక్కువగా కనిపిస్తాయి. కణం లోపల లైసోసోములేమో జీర్ణం కాని పదార్థంతో ఉబ్బిపోయి ఉంటాయి. పరీక్షలో "గాల్జి సంక్లిష్టం పదార్థాలను ప్యాక్ చేస్తుంది" అని రాస్తే తప్పు కాదు. "మార్పులు చేసి, గమ్యాన్ని బట్టి వేరుచేసి, సంచుల్లో పంపుతుంది, లైసోసోములు ఏర్పడటానికి తోడ్పడుతుంది" అని రాస్తే పూర్తి సమాధానం.

రేణువులో చివరి కోత

గాల్జిని వదిలిన రేణువు లోపల ఎంజైములు ప్రోఇన్సులిన్‌ను రెండు చోట్ల కత్తిరిస్తాయి. మధ్యలోని 31 అమైనో ఆమ్లాల ముక్క విడిపోతుంది, దాన్ని సి-పెప్టైడ్ అంటారు. కోసిన చోట్ల ఉన్న మరో 4 అమైనో ఆమ్లాలు కూడా పోతాయి. మిగిలినవి 21, 30 అమైనో ఆమ్లాల రెండు గొలుసులు. జాలంలో కుదిరిన బంధాలు వాటిని కలిపి పట్టుకుంటాయి. 51 అమైనో ఆమ్లాల ఈ అణువే ఇన్సులిన్. ఇది జింకుతో కలిసి రేణువు మధ్యలో గట్టి స్ఫటికంలా ఉంటుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు చిత్రంలో బీటా కణం రేణువును చూస్తే, నల్లటి గింజ, దాని చుట్టూ తెల్లటి ఖాళీ, ఆపైన సన్నటి పొర కనిపిస్తాయి. ఒకసారి చూస్తే మర్చిపోలేరు.

విడిపోయిన సి-పెప్టైడ్ రేణువులోనే ఉండి ఇన్సులిన్‌తో పాటు, దానితో సమాన సంఖ్యలో, రక్తంలోకి వస్తుంది. ఇంజెక్షన్‌గా తీసుకునే ఇన్సులిన్‌లో అది ఉండదు. అందుకే ఇన్సులిన్ తీసుకుంటున్నవాళ్లలో వాళ్ల సొంత బీటా కణాలు ఇంకా ఎంత పనిచేస్తున్నాయో తెలుసుకోవాలంటే డాక్టర్లు సి-పెప్టైడ్ పరీక్ష రాస్తారు.

ఈ దారి ఊహించి చెప్పింది కాదు. 1960లలో జార్జ్ పలాడే, జేమ్స్ జేమీసన్ గినీ పిగ్ క్లోమం ముక్కలకు రేడియోధార్మిక లూసిన్‌ను మూడు నిమిషాలు మాత్రమే అందించి, తర్వాత మామూలు లూసిన్ ఇచ్చారు. అంటే ఆ మూడు నిమిషాల్లో తయారైన ప్రోటీన్ల మీద మాత్రమే గుర్తు పడింది. వేరువేరు సమయాల్లో ముక్కలను తీసి చూస్తే, గుర్తు మొదట గరుకు జాలం మీద, తర్వాత గాల్జి దగ్గర, సుమారు రెండు గంటలకు నిల్వ రేణువుల్లో కనిపించింది. వాళ్లు చూసింది బీటా కణాలను కాదు, జీర్ణ ఎంజైములు తయారుచేసే కణాలను. దారి మాత్రం ఇదే. కణ నిర్మాణం మీద చేసిన పనికి పలాడే 1974లో ఆల్బర్ట్ క్లాడ్, క్రిస్టియన్ డి డువేలతో కలిసి నోబెల్ అందుకున్నారు.

మైటోకాండ్రియా ఎక్కడ కలుస్తుంది

ఇప్పటిదాకా చెప్పిన ప్రతి అడుగుకూ శక్తి కావాలి. అమైనో ఆమ్లాలు కలపడానికి, సంచులను కదపడానికి, రేణువు లోపలి ఆమ్లతను నిలపడానికి, అన్నిటికీ. ఆ ఏటీపీలో చాలా భాగం మైటోకాండ్రియా నుంచే వస్తుంది. ఇక్కడ ఒక వివరం చాలామంది దాటేస్తారు. గ్లూకోజ్ నేరుగా మైటోకాండ్రియాలోకి పోదు. మొదట కణద్రవ్యంలో పైరువేట్‌గా విడిపోతుంది, అక్కడ ఒక్కో గ్లూకోజుకు నికరంగా 2 ఏటీపీలే మిగులుతాయి. పైరువేట్ మైటోకాండ్రియాలోకి వెళ్లి ఆక్సిజన్ సాయంతో పూర్తిగా విచ్ఛిన్నమైతే మొత్తం సుమారు 30 దాకా వస్తాయి. లోపలి పొర మడతలు పడి ఉండటానికి కారణం ఇదే. ఏటీపీ తయారుచేసే యంత్రాంగం ఆ పొరలోనే అమరి ఉంటుంది, మడతలు ఎక్కువైతే దానికి చోటు ఎక్కువ.

బీటా కణంలో మైటోకాండ్రియాకు ఇంకో పని కూడా ఉంది. తిన్న తర్వాత రక్తంలో గ్లూకోజ్ పెరుగుతుంది. బీటా కణంలోకి వచ్చే గ్లూకోజ్ కూడా పెరుగుతుంది, మైటోకాండ్రియాలో ఏటీపీ తయారీ పెరుగుతుంది. ప్లాస్మా పొరలో ఉన్న ఒక రకం పొటాషియం ద్వారాలు ఏటీపీ పెరిగితే మూసుకుంటాయి. పొటాషియం బయటికి పోవడం తగ్గి పొర మీది విద్యుత్ పొటెన్షియల్ మారుతుంది. దానివల్ల కాల్షియం ద్వారాలు తెరుచుకుని కాల్షియం లోపలికి వస్తుంది. అప్పుడు రేణువులు ప్లాస్మా పొరతో కలిసిపోయి ఇన్సులిన్‌ను బయట వదులుతాయి. అంటే గ్లూకోజ్ పెరిగిందన్న కబురు రేణువులకు చేరేది మైటోకాండ్రియా ద్వారానే. "కణ శక్త్యాగారం" అన్న మాటలో ఈ సంగతి పట్టదు.

మైటోకాండ్రియాకు సొంత డీఎన్ఏ, సొంత రైబోసోములు ఉన్నాయని మీరు చదివే ఉంటారు. దాంతో అది తన ప్రోటీన్లన్నీ తానే చేసుకుంటుందని అనుకోకండి. మానవ మైటోకాండ్రియా డీఎన్ఏలో 37 జన్యువులున్నాయి, వాటి నుంచి తయారయ్యే ప్రోటీన్లు 13 మాత్రమే. దానికి కావలసిన మిగతా ప్రోటీన్లు, వెయ్యికి పైగా, కేంద్రకంలోని జన్యువుల నుంచి, కణద్రవ్యంలో తేలే రైబోసోముల దగ్గర తయారై నేరుగా లోపలికి వెళ్తాయి. జాలం, గాల్జి దారి వాటికి వర్తించదు.

ఆ 37 జన్యువుల్లో ఒకదానిలో, 3243వ స్థానంలో, ఒక్క అక్షరం మారితే మధుమేహం, వినికిడి లోపం కలిసి వచ్చే జబ్బు ఒకటుంది. ఇది తల్లి నుంచే పిల్లలకు వస్తుంది, ఎందుకంటే మైటోకాండ్రియా అండం ద్వారానే వస్తాయి. ఇన్సులిన్ జన్యువులో ఏ లోపమూ లేదు, మడతలోనూ లోపం లేదు. శక్తి తయారీ కుంటుపడి బీటా కణం తగినంత ఇన్సులిన్ వదలలేకపోతుంది. పైన చెప్పిన మడత లోపాన్ని, దీన్ని పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ చివరికి మధుమేహమే, చెడిన భాగం మాత్రం వేరు.

మిగతా భాగాలు

లైసోసోములు కూడా ఈ కథలో ఉన్నాయి. కొన్ని రోజులైనా వాడకంలోకి రాని పాత రేణువులను బీటా కణం లైసోసోముల్లో జీర్ణం చేసుకుని అమైనో ఆమ్లాలను తిరిగి వాడుకుంటుంది. పాడైన మైటోకాండ్రియాను కూడా అంతే. "స్వయం విచ్ఛిత్తి సంచులు" అని చదివి, ఒక్క లైసోసోము పగిలితే కణం కరిగిపోతుందని భయపడేవాళ్లున్నారు. దాని ఎంజైములు పీహెచ్ 5 దగ్గర బాగా పనిచేస్తాయి, కణద్రవ్యం పీహెచ్ 7.2 దగ్గర ఉంటుంది. ఒకటీ అరా చిట్లితే పెద్దగా ఏమీ కాదు. పెద్ద సంఖ్యలో చిట్లితేనే ప్రమాదం. దాని రోజువారీ పని పాతవాటిని, బయటి నుంచి వచ్చినవాటిని జీర్ణం చేయడం.

కేంద్రకం పక్కన ఒకదానికొకటి లంబంగా ఉండే రెండు చిన్న గొట్టాలు సెంట్రియోళ్లు. కణవిభజనలో వాటి పాత్ర అందరూ రాస్తారు. విభజన లేని సమయంలో కూడా చాలా కణాల్లో వాటి పరిసరం నుంచి సూక్ష్మనాళికలు కణమంతా వ్యాపిస్తాయి, గాల్జి నుంచి బయలుదేరిన రేణువులు వాటి వెంటే కదులుతాయి. పెరాక్సిసోములు చాలా పొడవైన కొవ్వు ఆమ్లాలను విచ్ఛిన్నం చేస్తాయి, ఆ క్రమంలో పుట్టే హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను కాటలేజ్ అనే ఎంజైముతో నీరుగా, ఆక్సిజన్‌గా మార్చేస్తాయి. ప్లాస్మా పొర పని మీరు పైనే చూశారు. ఏది లోపలికి రావాలి, ఏది బయటికి పోవాలి అన్నది దానిలోని ద్వారాలు నిర్ణయిస్తాయి.

బొమ్మలో నేను తరచుగా చూసే తప్పులు

పని తెలిస్తే బొమ్మ దానంతటదే సరిగా వస్తుంది. రైబోసోము చుక్కలను కొందరు జాలం గొట్టాల లోపల పెడతారు. అవి కణద్రవ్యం వైపు, అంటే బయటి ఉపరితలం మీద ఉండాలి. గొలుసు లోపలికి దిగుతుందని గుర్తుంటే ఈ తప్పు చేయరు. గాల్జిని కేంద్రకానికి అతికించి గీస్తారు. కేంద్రక త్వచంతో కలిసి ఉండేది జాలం. గాల్జి విడిగా ఉంటుంది, దానికి సంచుల ద్వారానే సరుకు అందుతుంది. కాబట్టి గాల్జి అంచుల దగ్గర రెండు మూడు చిన్న వలయాలు తప్పకుండా గీయండి, నునుపు జాలంతో పోల్చుకోవడానికి కూడా అదే ఆనవాలు. మైటోకాండ్రియాలో లోపలి గీతలను ఒక గోడ నుంచి ఎదుటి గోడ దాకా లాగితే అవి గదులవుతాయి. లోపలి పొర నుంచే ముడుచుకుని వచ్చి, ఎదుటి వైపు తగలకుండా ఆగాలి.

కొలతల సంగతి కూడా ఒక్కసారి లెక్క వేసుకోండి. 20 మైక్రోమీటర్ల కణాన్ని మీరు 10 సెంటీమీటర్ల వెడల్పున గీశారంటే 5,000 రెట్లు పెంచినట్టు. మైటోకాండ్రియా వెడల్పు అరమైక్రోమీటరు నుంచి ఒక మైక్రోమీటరు, కాబట్టి బొమ్మలో రెండున్నర నుంచి ఐదు మిల్లీమీటర్లు ఉండాలి. రైబోసోము 25 నానోమీటర్లు ఉంటుంది, బొమ్మలో మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. చెక్కిన పెన్సిల్ మొనతో పెట్టిన చుక్క చాలు. సాధారణ మైక్రోస్కోపులో 200 నానోమీటర్ల కంటే చిన్న వివరాలు విడిగా కనిపించవు. కాబట్టి "మైక్రోస్కోపులో రైబోసోములను గమనించాను" అని రికార్డులో రాయకండి.

పనులు నిజంగా వచ్చాయో లేదో చూసుకోవడానికి, పేరు లేని కణం చిత్రం ముందు పెట్టుకుని అది ఏం చేసే కణమో చెప్పి చూడండి. గరుకు జాలం దట్టంగా, గాల్జి పెద్దగా, ముదురు రేణువులు ఒక వైపు గుంపుగా ఉంటే, ప్రోటీనును నిల్వ ఉంచి అవసరమైనప్పుడు వదిలే కణం. నునుపు జాలం ఎక్కువగా, కొవ్వు బిందువులు, బోలెడన్ని మైటోకాండ్రియా ఉంటే, స్టెరాయిడ్ హార్మోన్లు చేసే కణం. గరుకు జాలం కణమంతా నిండి, కేంద్రకం ఒక పక్కకు జరిగి, దాని పక్కన గాల్జి ఉన్న చోటు లేతగా కనిపిస్తూ, నిల్వ రేణువులు మాత్రం లేకపోతే, అది ప్రతిదేహాలు తయారుచేసే ప్లాస్మా కణం. అది తయారైన ప్రతిదేహాలను దాచుకోకుండా ఎప్పటికప్పుడు బయటికి పంపేస్తుంది కాబట్టే రేణువులు కనిపించవు.